పొడవైన హాలులో వెనక బాక్సులకు ఆలస్యం ఎలా అమర్చాలి: విజయనగరం కల్యాణమండపం ఒకటి ఆధారంగా

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని కల్యాణమండపాలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ, పైన స్లాబు, కింద నున్నటి టైల్సు, ఒక చివర వేదిక. పెళ్ళికి ఈ హాలు బాగానే సరిపోతుంది. అదే హాలులో పురాణ ప్రవచనమో, హరికథో, సంఘం సర్వసభ్య సమావేశమో పెట్టినప్పుడు వెనక సగంలో కూర్చున్నవారికి ఇబ్బంది మొదలవుతుంది. అక్కడివారు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "గొంతు ఇనబడతంది గానీ మాట బోదపడ్డం నేదు బావు." వారు చెప్పేది అక్షరాలా నిజం. లోపం శబ్దం చాలకపోవడంలో లేదు, కాబట్టి వాల్యూమ్ పెంచినందువల్ల అది తీరదు.

దీనికి మందుగా హాలు మధ్యలో మరొక జత బాక్సులు పెట్టడం మామూలే. అయితే వాటిని మెయిన్ బాక్సులతో పాటు ఒకే తీగ మీద నడిపితే మాట ఇంకా చెడుతుంది. కరెంటు రూపంలో తీగలో వెళ్ళే సంకేతం మధ్య బాక్సులకు తక్షణం చేరుతుంది. వేదిక దగ్గరి బాక్సుల నుంచి బయలుదేరిన ధ్వని మాత్రం గాలిలో సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో నడిచి రావాలి. ఆ కారణంగా వెనక కూర్చున్న మనిషి ఒకే అక్షరాన్ని ముందు పక్కనున్న బాక్సు నుంచి, కొంతసేపటికి వేదిక వైపు నుంచి, రెండుసార్లు వింటాడు. మధ్య బాక్సులకు వెళ్ళే సంకేతాన్ని సరిగ్గా ఆ కొంతసేపు ఆపి పంపడమే ఈ వ్యాసంలోని పని. అలా ఆపి పంపే జతను ఇక్కడ డిలే బాక్సులు అంటాను.

ఎంత తేడా వస్తే మాట చెడుతుంది

ఒకే మాట రెండు చోట్ల నుంచి వచ్చినప్పుడు చెవి మొదట చేరినదాన్ని పట్టుకుని, రెండోదాన్ని అందులో కలిపేసుకుంటుంది. హెల్ముట్ హాస్ 1949లో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన ఈ విషయాన్ని మాటల మీద పరీక్షించి చూపింది. రెండో శబ్దం సుమారు 5 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే, అది మొదటిదానికన్నా 10 డెసిబెల్స్ దాకా గట్టిగా ఉన్నప్పటికీ, మాట మొదటి దిక్కు నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆలస్యం 50 మిల్లీసెకన్లు దాటేసరికి రెండో శబ్దం విడిపోయి ప్రతిధ్వనిలా వినబడుతుంది, లేదా ఒక అక్షరం తోక పక్క అక్షరం మీద పడి రెండూ అలుక్కుపోతాయి.

తెలుగులో దీని దెబ్బ ముందుగా ఒత్తుల మీద పడుతుంది. "అక్క", "అత్త", "అప్ప" అనే మాటల్లో ఒత్తు పలికే ముందు నోరు ఒక క్షణం మూసుకుంటుంది. ఆ చిన్న నిశ్శబ్దం, దాని వెంటనే వచ్చే పేలుడు, ఈ రెండూ మనకు క, త, ప వేరుపడటానికి తోడ్పడతాయి. ఆలస్యంగా వచ్చిన రెండో శబ్దం ఆ ఖాళీని నింపేస్తే వినేవాడికి మూడు మాటలూ ఒకటే అవుతాయి. ఈ మూడు మాటలను గుర్తుంచుకోండి, చివర పరీక్షకు పనికి వస్తాయి.

మొదటి అడుగు: బాక్సుల చోటు, తీగల దారి

నేను పని చేసిన ఒక విజయనగరం మండపం కొలతలనే ఉదాహరణగా తీసుకుంటాను. పొడవు 40 మీటర్లు, వెడల్పు 14 మీటర్లు. మెయిన్ బాక్సులు వేదిక అంచు దగ్గర, హాలు మధ్యగీతకు అటూ ఇటూ 5 మీటర్ల దూరంలో ఉన్నాయి. డిలే బాక్సులను అక్కడి నుంచి 20 మీటర్లు వెనక్కి, మధ్యగీతకు 6 మీటర్ల దూరంలో, అంటే గోడలకు ఒక మీటరు ఇవతల, స్టాండ్ల మీద నిలబెట్టాము.

డిలే బాక్సుల ముఖం తప్పనిసరిగా వెనక గోడ వైపే ఉండాలి, కొద్దిగా లోపలికి తిరగాలి. ఎత్తు విషయంలో పొదుపు చేయకండి. బాక్సు చెవుల ఎత్తులోనే ఉంటే దాని పక్క కుర్చీవాడి చెవి గింగురుమంటుంది, నాలుగు వరుసల అవతలివాడికి ముందువారి తలలు అడ్డమవుతాయి. కూర్చున్నవారి చెవులకు కనీసం మీటరున్నర పైన పెట్టి, ముఖాన్ని కొద్దిగా కిందికి వంచితే దగ్గరివారికీ దూరంవారికీ మధ్య తేడా తగ్గుతుంది.

మిక్సర్ నుంచి డిలే బాక్సులకు వేరే ఔట్‌పుట్ తీసుకోవాలి. మ్యాట్రిక్స్ ఔట్‌పుట్ ఉంటే మెయిన్ మిశ్రమాన్నే అందులోకి పంపడం అన్నిటికన్నా మంచిది. అది లేనప్పుడు ఆక్స్ వాడవచ్చు, కానీ ఆ ఆక్స్ ఫేడర్ తరవాతి సంకేతాన్ని తీసుకునేట్టు ఉండాలి. లేకపోతే కార్యక్రమం మధ్యలో మీరు మైకు ఫేడర్ తగ్గించినప్పుడు ముందు మాత్రమే తగ్గి వెనక అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మిక్సర్‌లో ఎకో కోసం ఉండే ఎఫెక్టుల జాబితాలో కూడా "Delay" అనే పేరు కనబడుతుంది. అది పాటకు వాడే పునరావృతం, అసలు శబ్దాన్ని అలాగే ఉంచి దానికి నకళ్ళు చేరుస్తుంది. మనకు కావలసింది ఔట్‌పుట్ పేజీలో ఉండే డిలే, అది మొత్తం సంకేతాన్నే ఆపి పంపుతుంది. పాత అనలాగ్ మిక్సర్లలో ఈ సదుపాయం ఉండదు. అప్పుడు మిక్సర్‌కూ డిలే బాక్సులకూ మధ్య స్పీకర్ ప్రాసెసర్ ఒకటి పెట్టాలి.

రెండో అడుగు: కుర్చీ దగ్గర నిలబడి కొలవడం

మెయిన్ బాక్సు నుంచి డిలే బాక్సు దాకా టేపు లాగి, వచ్చిన 20 మీటర్లనే లెక్కలో పెట్టడం చాలామంది అలవాటు. మధ్యగీత మీద కూర్చున్నవారి విషయంలో ఆ అంకె తప్పుతుంది. కొలవవలసింది శ్రోత చెవి నుంచి ప్రతి బాక్సుకూ ఉన్న దూరం. ఆ రెండు దూరాల తేడాయే ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది.

```
ఆలస్యం (మిల్లీసెకన్లు) =
(మెయిన్ దూరం − డిలే దూరం) ÷ ధ్వని వేగం × 1000
```

ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 0 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 331.3 మీటర్లు, ఆపైన ప్రతి డిగ్రీకి 0.606 మీటరు చొప్పున పెరుగుతుంది. మన ప్రాంతంలో జనం నిండిన హాలుకు 30 డిగ్రీలు అనుకుంటే వేగం 349.5 మీటర్లు.

డిలే బాక్సుల వెనక ప్రాంతంలో నాలుగు కుర్చీలు ఎంచుకోండి. రెండు డిలే బాక్సులకు 6 మీటర్ల వెనక వరుసలో, రెండు దాదాపు చివరి వరుసలో. ప్రతి వరుసలోనూ ఒకటి మధ్యలో, ఒకటి పక్కన. లేజర్ మీటరు ఉంటే కుర్చీలో కూర్చుని చెవి ఎత్తు నుంచి బాక్సు ముఖానికి చుక్క వేసి చూడవచ్చు. టేపు అయితే ఇద్దరు కావాలి. మా ఉదాహరణలో కొలతలు ఇలా తేలతాయి.

ముందు వరుసలో పక్క కుర్చీకి అదే వైపు మెయిన్ బాక్సు 26.0 మీటర్లు, డిలే బాక్సు 6.3 మీటర్లు, తేడా 19.7, అంటే 56.4 మిల్లీసెకన్లు. అదే వరుస మధ్య కుర్చీకి 26.5, 8.6 మీటర్లు, తేడా 17.9, అంటే 51.2 మిల్లీసెకన్లు. చివరి వరుస పక్క కుర్చీకి 38.0, 18.1 మీటర్లు, తేడా 19.9, అంటే 56.9. చివరి వరుస మధ్య కుర్చీకి 38.4, 19.0 మీటర్లు, తేడా 19.4, అంటే 55.5.

నాలుగు కుర్చీలకు నాలుగు జవాబులు వచ్చాయి. ఏ ఒక్క అంకె పెట్టినా హాలంతటికీ అచ్చంగా సరిపోదు. కాబట్టి ఏ వైపు తప్పితే నష్టం తక్కువో తెలుసుకుని అటు మొగ్గాలి.

మూడో అడుగు: అంకె ఎంచుకోవడం

డిలే బాక్సు శబ్దం మెయిన్ కన్నా ముందు చేరితే, చెవి దాన్నే మొదటి శబ్దంగా తీసుకుంటుంది. ఉపన్యాసకుడు ఎదురుగా వేదిక మీద కనబడుతుంటే మాట పక్క గోడ నుంచి వస్తున్నట్టు ఉంటుంది, వినేవాడు తెలియకుండానే అలసిపోతాడు. కొద్దిగా తరవాత చేరితే మాట వేదిక నుంచే వస్తున్నట్టు ఉంటుంది, స్పష్టత మాత్రం డిలే బాక్సు ఇస్తుంది. అందువల్ల వచ్చిన అంకెల్లో పెద్దదాన్ని తీసుకుని దానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు కలపడం నా పద్ధతి. ఇక్కడ పెద్దది 56.9, కలిపి సమం చేస్తే 60.

60 పెట్టినప్పుడు ఒక్కొక్క కుర్చీలో డిలే శబ్దం ఎంత వెనకబడుతుందో తీసివేత చేసి చూడండి. ముందు వరుస పక్కన 3.6, మధ్యలో 8.8, చివరి వరుస పక్కన 3.1, మధ్యలో 4.5 మిల్లీసెకన్లు. అన్ని చోట్లా మెయిన్ ముందు, డిలే తరవాత. ఎక్కడా 10 దాటలేదు. ఆలస్యం పెట్టకపోతే ఇవే కుర్చీల్లో వేదిక శబ్దం 51 నుంచి 57 మిల్లీసెకన్లు వెనకబడి, సరిగ్గా మాట చెడే హద్దుకు అవతల పడేది.

కొందరు ఏ కుర్చీలోనైనా 20 మిల్లీసెకన్ల దాకా అదనంగా కలుపుతారు. మాట వేదిక దిక్కుకు ఇంకా గట్టిగా అతుక్కుంటుందనే మాట నిజమే, కానీ టైల్సూ స్లాబూ ఉండి ముందే ప్రతిధ్వనించే హాలులో ఆ అదనం స్పష్టతను కొంత తింటుంది. ప్రవచనానికి నేను దిక్కు కన్నా స్పష్టతకే ఓటు వేస్తాను.

మరి సున్నా తేడా మంచిది కాదా అని అడగవచ్చు. అది ఒకే ఒక్క కుర్చీలో సాధ్యం. పక్క కుర్చీలో ఒక మిల్లీసెకను తేడా వచ్చి, రెండు శబ్దాలూ సమాన బలంతో ఉంటే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినబడుతుంది. ఈ రద్దు రెండు శబ్దాల బలం దగ్గరగా ఉన్నచోటే తీవ్రం. అందుకే లెవెల్ లేకుండా ఆలస్యం గురించి మాట్లాడటం సగం పనే.

అంకెను మీటర్లలో అడిగే పరికరాలు కూడా ఉన్నాయి. అవి లోపల ఏ ఉష్ణోగ్రత అనుకుంటాయో మనకు కనబడదు, కాబట్టి మిల్లీసెకన్లలోనే ఇవ్వండి. జనవరి రాత్రి 20 డిగ్రీలకూ, వేసవి 35 డిగ్రీలకూ మధ్య ఈ హాలులో తేడా మిల్లీసెకనున్నర మాత్రమే. దానికోసం మళ్ళీ కొలవనక్కరలేదు, మనం కలిపిన అదనం దాన్ని భరిస్తుంది.

నాలుగో అడుగు: లెవెల్, బేస్ కోత

ముందు డిలే బాక్సులు ఆపి, మెయిన్ బాక్సులతోనే హాలు ముందు సగం చక్కగా వినబడేలా అమర్చుకోండి. తరవాత 26 మీటర్ల వరుసలో నిలబడి ఫోనులోని సౌండ్ మీటరు చూడండి. ఫోను చూపే అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు, తేడాలు చూసుకోవడానికి మాత్రం సరిపోతుంది. మెయిన్ ఒక్కటే 64 డెసిబెల్స్ చూపిందనుకోండి. డిలే బాక్సులను నెమ్మదిగా పెంచుతూ రెండూ కలిసి 68 చూపే దగ్గర ఆగండి. అప్పుడు డిలే బాక్సులు ఒంటరిగా 66 ఇస్తున్నట్టు లెక్క, అంటే మెయిన్ కన్నా 2 డెసిబెల్స్ ఎక్కువ. మొదలు పెట్టడానికి ఇది సురక్షితమైన చోటు. చివరి వరుసకు చాలకపోతే మరొక 2, 3 డెసిబెల్స్ పెంచవచ్చు. 10 దాటితే మాత్రం దిక్కు మారిపోతుంది.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. డిలే బాక్సులు పని చేస్తున్నప్పుడు అవి ఉన్నట్టే తెలియకూడదు. వాటిని ఒక్కసారి మ్యూట్ చేస్తే మాత్రం మాట దూరంగా జారిపోయినట్టు ఉండాలి.

తరవాత డిలే ఔట్‌పుట్‌లో 150 నుంచి 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. బేస్ ఏ బాక్సు నుంచైనా అన్ని దిక్కులకూ, బాక్సు వీపు వైపుకు కూడా పారుతుంది. మన హాలులో ముందు నుంచి 4 మీటర్ల దూరంలో, మధ్యగీత మీద కూర్చున్నవారికి మెయిన్ శబ్దం 18 మిల్లీసెకన్లలో చేరుతుంది. డిలే బాక్సు వీపు నుంచి వెనక్కి వచ్చే శబ్దం 60 మిల్లీసెకన్లు ఆగి, 17 మీటర్లు నడిచి, సుమారు 109వ మిల్లీసెకనుకు చేరుతుంది. 90 మిల్లీసెకన్లు వెనకబడిన ఆ మూలుగు ముందు వరుసలకూ, వేదిక మీద మాట్లాడే పెద్దలకూ ప్రతిధ్వనిగా తగులుతుంది. ఉపన్యాసకుడు మాటిమాటికీ ఆగుతున్నా, గొంతు సాగదీస్తున్నా కారణం ఇదే అయి ఉండవచ్చు. ఆలస్యం అంకెను మార్చి దీన్ని తీర్చలేము. బేస్ కోయడం, బాక్సుల ముఖాన్ని వెనక్కి బాగా తిప్పడం, లెవెల్ అదుపులో ఉంచడం, ఇవే మార్గాలు.

ఐదో అడుగు: చిరతలతో, ఫోనుతో సరిచూడటం

లెక్క కాగితం మీద సరిగ్గా ఉన్నా హాలులో తప్పడానికి కారణాలుంటాయి. తీగ లాగడం కష్టమని డిలే బాక్సులకు డిజిటల్ వైర్‌లెస్ పెట్టి ఉంటే, ఆ పరికరం తనంతట తాను కొన్ని మిల్లీసెకన్లు కలుపుతుంది. టేపు దాన్ని చూడలేదు. అందుకే చివరికి శబ్దాన్నే సాక్షిగా పిలవాలి.

దీనికి పదునైన చిన్న శబ్దం కావాలి. ఆదిభట్ల నారాయణదాసు ఊరైన విజయనగరంలో హరికథకుల చిరతలకు లోటు ఉండదు, ఆ ఒక్క దెబ్బ ఈ పరీక్షకు చప్పట్లకన్నా బాగా పనికి వస్తుంది. ఔట్‌పుట్ డిలేను సున్నా చేయండి. ఒక వైపు మెయిన్ బాక్సు, అదే వైపు డిలే బాక్సు మాత్రమే ఉంచి మిగతావి ఆపండి. హాలులో ఫ్యాన్లు కూడా ఆపితే మంచిది. చిరతల దెబ్బ నేరుగా గాలిలో వెనక్కి రాకుండా ఒకరు గ్రీన్‌రూమ్‌లో తలుపు వేసుకుని మైకు దగ్గర ఒక్క దెబ్బ కొట్టాలి, లేదా ముందే రికార్డు చేసిన దెబ్బను మిక్సర్ ద్వారా వినిపించాలి. మీరు 26 మీటర్ల వరుస పక్క కుర్చీలో చెవి ఎత్తున ఫోను పట్టుకుని రికార్డు చేయండి.

ఆ రికార్డును కంప్యూటర్‌లో Audacityలో తెరిచి, దగ్గరికి లాగి చూస్తే రెండు నిటారు ముళ్ళు కనబడతాయి. మొదటిది డిలే బాక్సు, రెండోది మెయిన్. వాటి మధ్యను ఎంచుకుంటే కింద కాలం చూపుతుంది. మన హాలులో అది 56 దగ్గర ఉండాలి. 52 వచ్చిందంటే వైర్‌లెస్ లాంటిదేదో డిలే దారిలో 4 మిల్లీసెకన్లు ముందే తింటున్నట్టు, అప్పుడు 60కి బదులు 56 పెట్టాలి. 80, 90 వస్తే మీరు చూస్తున్న రెండో ముల్లు వెనక గోడ నుంచి తిరిగి వచ్చినది కావచ్చు. మెయిన్ ఆపి మళ్ళీ రికార్డు చేస్తే ఏ ముల్లు మాయమవుతుందో చూసి తేల్చుకోవచ్చు.

అంకె పెట్టాక మళ్ళీ రికార్డు చేయండి. రెండు ముళ్ళూ ఇప్పుడు మూడు నాలుగు మిల్లీసెకన్ల ఎడంలో ఇరుక్కుని ఉండాలి. చెవికి రెండు దెబ్బలు కాక ఒకే దెబ్బ వినబడాలి.

ఆరో అడుగు: మాటతో పరీక్ష

మిక్సర్ దగ్గర కూర్చుని ఈ పని చేయకూడదు. ఒకరిని మైకు ముందు నిలబెట్టి "అక్క, అత్త, అప్ప" లాంటి మాటలను వరస మార్చి, మామూలు వేగంతో చదవమనండి. వెనక మధ్యలో ఒకరు, పక్కన ఒకరు, డిలే బాక్సులకు రెండు మీటర్ల ముందు ఒకరు కూర్చుని విన్నది కాగితం మీద రాయాలి. చదివేవారి పెదవులు కనబడకుండా వారు తల దించుకుని ఉండాలి, లేకపోతే చెవి చేయలేని పనిని కన్ను చేసిపెడుతుంది.

తప్పులు ఒక్క మధ్య కుర్చీలోనే వస్తుంటే అంకెను 2 మిల్లీసెకన్లు తగ్గించి చూడండి. పక్క కుర్చీల్లో గొంతు డొల్లగా ఉంటే 2 పెంచండి. ఒక్కసారి 10 మార్చవలసి వస్తోందంటే కొలతలోనో తీగల దారిలోనో లోపం ఉంది, వెనక్కి వెళ్ళి వెతకాలి. అన్ని చోట్లా గొంతు పల్చగా, బలం లేకుండా ఉంటే డిలే బాక్సు తీగలో ప్లస్, మైనస్ తారుమారై ఉండవచ్చు. ఆ ఔట్‌పుట్‌లో పొలారిటీ మీట తిప్పితే వెంటనే తెలుస్తుంది.

అంకె, లెవెల్, బేస్ కోత అన్నీ సరిగ్గా ఉండి, ముళ్ళు కూడా కలిసి, చివరి వరుసలో ఇంకా తప్పులు వస్తుంటే అక్కడ చేరే శబ్దంలో గోడల ప్రతిధ్వనే ఎక్కువన్నమాట. వెనక గోడకు మందపాటి పరదాలు కట్టడం కొంత ఆదుకుంటుంది. అది కుదరకపోతే సుమారు 30 మీటర్ల దగ్గర చిన్న బాక్సులు ఇంకొక జత పెట్టి, వాటికి వేరే ఔట్‌పుట్ ఇచ్చి, ఇదే కొలత మళ్ళీ చేయాలి. రెండో జత దూరాన్ని కూడా మొదటి డిలే బాక్సుల నుంచి కాక మెయిన్ బాక్సుల నుంచే లెక్కించాలి.

పని పూర్తయ్యాక స్టాండ్ల కాళ్ళ చుట్టూ నేల మీద టేపు అంటించి, దాని మీద మిల్లీసెకన్ల అంకె రాసి పెట్టండి. భోజనాల బల్లలు వేసేవారు స్టాండును ఒక మీటరు జరిపితే 3 మిల్లీసెకన్లు మారిపోతాయి. వెనక గోడ వైపు జరిపితే మీరు కలిపిన అదనమంతా అందులోనే పోతుంది.